గిన్నెలో మిగిలిన రంగు చివర్లకి రాయొద్దు: కోహీర్ అక్కకి రాసిచ్చిన చీటీ

ఈ రోజు ఎపిసోడ్‌లో కొత్త షేడ్లు లేవు, కొత్త ప్రొడక్టులు లేవు. ఒక చీటీ చదివి వినిపిస్తాను. మా పార్లర్‌కి కోహీర్ నుంచి ఒక అక్క వస్తుంటారు. జహీరాబాద్ బజారు పనికి వచ్చినప్పుడు అలా వచ్చి జుట్టు చివర్లు కట్ చేయించుకుని వెళ్తారు. సీజన్‌లో వస్తే చేతిలో జామకాయల కవరు కూడా ఉంటుంది. రంగు మాత్రం ఇంట్లోనే వేసుకుంటారు. ఆవిడకి నేను రాసిచ్చిన చీటీ ఇది. వాళ్ళమ్మాయి దాన్ని ఫోటో తీసి ఫ్రెండ్స్‌కి పంపిందట. ఆ ఫ్రెండ్స్‌లో ఇద్దరు నాకు ఫోన్ చేసి, "ఆంటీ, మా అమ్మకి కూడా అచ్చం ఇట్లనే అయింది, వీడియో చెయ్యండి" అన్నారు. అందుకే చేస్తున్నాను.

మీలో చాలామందికి తెల్లజుట్టు లేదు, నాకు తెలుసు. కానీ ఇంట్లో అమ్మకి బ్రష్ పట్టుకుని రంగు వేసేది మీరే కదా. కాబట్టి ఇది మీకే.

అక్క మార్చి నెలలో వచ్చి కూర్చోగానే అన్న మాట ఇది: "కంపెనీవాడు ఏందో మార్చిండు. ఎప్పుడూ ఒకటే ప్యాకెట్, ఒకటే నంబర్. నా జుట్టు చూడు, నాలుగు రంగులున్నయి." కోపంగానే అన్నారు. నేను ప్యాకెట్ సంగతి ఎత్తలేదు. ఆవిడని కుర్చీతో సహా గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి, ఎండలో కూర్చోబెట్టి, పాయ తీసి చూశాను. ట్యూబ్‌లైట్ కింద ఈ చారలు సగమే కనిపిస్తాయి. పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ లైటు పడితేనో, డాబా మీద సెల్ఫీ తీసుకుంటేనో అన్నీ బయటపడతాయి.

టైలరింగ్ టేపు పెట్టి కొలిచాను. నెత్తి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల వరకు కొత్తగా వచ్చిన జుట్టు, తెలుపు నలుపు కలిసి ఉంది. తరువాత ఒక సన్నని బ్రౌన్ గీత. రెండు నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దాకా ఒక ముదురు పట్టీ. మళ్ళీ కాస్త బ్రౌన్. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంకో ముదురు పట్టీ. చెవి కిందికి వచ్చేసరికి మాత్రం బ్రౌన్ లేనే లేదు, బొగ్గులా నల్లగా, మెరుపు లేకుండా ఉంది. ఇలా అడ్డంగా పట్టీలు పడటాన్నే మేము బ్యాండింగ్ అంటాం.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కొందరికి కొంచెం ఎక్కువ, కొందరికి తక్కువ. అంటే మీ జుట్టు పొడవు ఒక క్యాలెండర్ లాంటిది. నెత్తి నుంచి ఆరు సెంటీమీటర్ల దూరంలో ఉన్న వెంట్రుక ముక్క దాదాపు ఆరు నెలల కింద బయటికొచ్చింది. ఈ లెక్క పెట్టుకుని అక్కని రెండే ప్రశ్నలు అడిగాను. "దసరాకి రంగు వేసుకున్నారా? ఫిబ్రవరి మొదట్లో ఏమైనా ఫంక్షన్ ఉండెనా?" ఆవిడ నా మొహం వైపు చూసి, "నీకెవరు చెప్పిండ్రు?" అన్నారు. ఫిబ్రవరిలో చెల్లెలి కూతురి పెళ్ళి అట. ఆవిడ జుట్టే చెప్పింది నాకు.

జరిగింది ఇదీ. మామూలుగా అక్క నెలకొకసారి వేసుకుంటారు. ఒక ప్యాకెట్‌లో 20 గ్రాముల క్రీము, 20 మిల్లీలీటర్ల డెవలపర్. రెండూ కలిపితే, నెల రోజుల్లో వచ్చిన కొత్త జుట్టుకి ఆవిడ పల్చటి జుట్టు మీద సరిగ్గా సరిపోతుంది. గిన్నె ఖాళీ అవుతుంది. ఆ నెలల్లో గొడవ లేదు. కానీ దసరా వచ్చింది, అంతకుముందు రంగు వేసుకుని పదిహేను రోజులే అయింది. నుదుటి దగ్గర తెలుపు కాస్త కనిపిస్తోందని మళ్ళీ ఒక ప్యాకెట్ చింపారు. కొత్త జుట్టు వచ్చిందే అర సెంటీమీటరు. సగం ప్యాకెట్‌తోనే పని అయిపోయింది. మిగతా సగం గిన్నెలో ఉంది. కలిపేసిన రంగు దాచుకోలేం. పారేయడానికి చెయ్యి రాదు. దాంతో బ్రష్‌తో కిందికి ఇంకో రెండున్నర సెంటీమీటర్లు లాగారు. గిన్నెలో అడుగున ఉన్నది చేత్తో తీసి చివర్లకి పూశారు. పెళ్ళికి కూడా అంతే. ఆ రెండు పట్టీలూ ఆ రెండు రోజులవే.

నేను చూసినంతలో ఇంట్లో రంగు వేసుకునేవాళ్ళలో ఎక్కువమంది చేసే తప్పు తెలియక చేసేది కాదండీ, పొదుపుతో చేసేది. ప్యాకెట్ లోపలి కాగితం మీద "కొత్తగా పెరిగిన జుట్టుకే వేయండి" అని ఉంటుంది. అక్కకి చదవడం వచ్చు, చదివారు కూడా. గిన్నెలో మిగిలిన దాన్ని ఏం చేయాలో ఆ కాగితం చెప్పలేదు, అంతే.

ఇప్పుడు, రెండోసారి పూస్తే ఎందుకు ముదురుతుంది? ఒకటే రంగు, ఒకటే నంబర్ అయినప్పుడు అంతే రావాలి కదా అని అక్క అడిగారు. మంచి ప్రశ్నే. మనం గోడకి వేసే పెయింట్ పైన పూతలా ఉంటుంది. ఈ క్రీము రంగు అలా పని చేయదు. అందులోని అమోనియా వెంట్రుక పైపొరని ఉబ్బించి తలుపు తీసినట్టు చేస్తుంది. రంగు తయారయ్యే చిన్న చిన్న కణాలు లోపలికి వెళ్తాయి. డెవలపర్‌లో ఉన్న పెరాక్సైడ్‌తో కలిసి లోపలే పెద్ద రంగు కణాలుగా మారతాయి, ఇక బయటికి రాలేవు. అందుకే అది షాంపూకి పోదు. రెండోసారి పూస్తే ఉన్న రంగు పక్కన ఇంకో విడత రంగు చేరుతుంది. మూడోసారి ఇంకో విడత. పైగా ఒకసారి రంగు తాగిన జుట్టు, ఎండకి, దువ్వెనకి అరిగిన జుట్టు స్పాంజి లాగా అయిపోతుంది, కొత్త జుట్టు కంటే తొందరగా పీల్చుకుంటుంది. నెత్తి దగ్గర 30 నిమిషాల్లో వచ్చే ముదురు, చివర్లలో పది నిమిషాల్లోనే వచ్చేయొచ్చు.

అక్క చివర్లు బొగ్గులా ఎందుకున్నాయో కూడా ఇందులోనే ఉంది. సంవత్సరం కిందటి దాకా ఆవిడ నల్ల పౌడర్ రంగు వాడేవారు. తరువాత బ్రౌన్‌కి మారారు. బ్రౌన్ పూస్తే చివర్లు కూడా బ్రౌన్ అవుతాయని ప్రతిసారీ మిగిలింది అక్కడ పూస్తూ వచ్చారు. అవదండీ. జుట్టులో పుట్టుకతో ఉన్న నలుపుని క్రీము రంగు కొంచెం తేల్చగలదు. ముందు మనం వేసిన రంగుని మాత్రం ఇంకో రంగు తేల్చదు. పార్లర్ కోర్సులో మొదటి వారంలో మాకు నేర్పించే మాట ఇది. నలుపు మీద బ్రౌన్ వేస్తే నలుపే, కాస్త ఇంకా మొద్దు నలుపు.

సరే, చీటీ చదువుతాను. ఇంటికెళ్ళి అమ్మాయికి ఇవ్వమని రాశాను కాబట్టి పెద్ద అక్షరాలతో, మామూలు మాటల్లోనే ఉంటుంది.

"అక్కా, మొదటి మాట గిన్నె గురించి. ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపొద్దు. పదిహేను రోజులకే వేసుకోవాల్సి వస్తే 10 గ్రాముల క్రీము, 10 మిల్లీలీటర్ల డెవలపర్ చాలు. వంటింట్లో చిన్న తూకం మిషన్ ఉంటే దాని మీద ప్లాస్టిక్ గిన్నె పెట్టి తూయండి. లేకపోతే మెడికల్ షాపులో సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి అడగండి, ఒకటి క్రీముకి, ఒకటి డెవలపర్‌కి. మీ ప్యాకెట్‌లో రెండూ సమానంగా కలపాలని ఉంది కాబట్టి ఈ లెక్క. వేరే కంపెనీ ప్యాకెట్ తెస్తే దాని మీద రాసిన లెక్క చూడండి. కలపని క్రీము ప్యాకెట్ మూతిని మడిచి గట్టిగా క్లిప్పు పెట్టండి. గాలి తగిలితే పైన నల్లగా మారుతుంది, అలా మారితే పారేయండి. కలిపిన రంగు మిగిలితే మాత్రం దాచొద్దు. మూత బిగించిన సీసాలో అసలు పోయొద్దు, లోపల గ్యాస్ పుట్టి సీసా పగలొచ్చు.

రెండోది గీత. రంగు వేసే ముందు, పగటి వెలుతురులో, అమ్మాయితో పాయ తీయించండి. తెలుపు ఎక్కడ ఆగి బ్రౌన్ ఎక్కడ మొదలవుతుందో అదే గీత. ఆ గీత దాకా కూడా బ్రష్ తీసుకురావద్దు. ఒక బియ్యపు గింజ వెడల్పు ముందే ఆపండి. క్రీము దానంతట అదే కాస్త పాకుతుంది, ఆ ఖాళీని నింపేస్తుంది. గీత దాటాక ఉన్న పాత జుట్టుకి ముందే కండిషనర్ మందంగా పట్టించండి, నెత్తికి మాత్రం తగలనివ్వొద్దు. కండిషనర్ లేకపోతే కొబ్బరి నూనె. ఇది గోడ కాదు, పొరపాటున తగిలితే రంగు తక్కువ పట్టేలా చూస్తుంది, అంతే.

మూడోది దువ్వెన. రంగు వేశాక 'సమానంగా పట్టాలి' అని దువ్వెనతో కిందికి దువ్వుతున్నారు కదా, అది మానేయండి. మీరు గీత దగ్గర ఆపినదంతా ఆ దువ్వెన ఒక్కసారితో చివరిదాకా లాగేస్తుంది. పాయలు పైకి వదులుగా ఎత్తి పెట్టండి, తల మీద అదిమి ముడి వేయొద్దు."

చీటీలో ఇంకో ముక్క ఉంది. అది చదివే ముందు ఒక సందేహం తీర్చాలి. ఇలా వేయడమెలా, చేతికి ఎలా కుదురుతుంది అని అడుగుతారు. తలని నాలుగు భాగాలు చేయండి, నుదురు నుంచి మెడ దాకా ఒక పాపిట, చెవి నుంచి చెవికి ఇంకోటి. ఒక్కో భాగంలో అర సెంటీమీటరు మందం పాయలు తీస్తూ, బ్రష్ అంచుతో కొత్త జుట్టుకి మాత్రమే వేయాలి. ముందు ఎక్కడ తెలుపు ఎక్కువుంటే అక్కడ మొదలుపెట్టండి, చాలామందికి అది కణతల దగ్గర. తల వెనుక భాగం ఎవరికి వాళ్ళు వేసుకోలేరు, అది ఒప్పుకోవాలి. అక్క తలలో అన్నింటికంటే అడ్డదిడ్డంగా ఉన్నది వెనుకవైపే, ఎందుకంటే అక్కడ చూడకుండా చేత్తో పూశారు. అమ్మకి వెనుక వైపు వేసి పెట్టడానికి మీకు పావుగంట పడుతుంది. రీల్స్ చూసే టైములో అయిపోతుంది, ఊరికే అంటున్నాను.

ఇప్పుడు ఆ మిగతా ముక్క. "చివర్లు వెలిసిపోయాయి అనిపిస్తే, నెత్తికి వేసిన క్రీమే చివర్లకి పూయొద్దు. వెలవడం అంటే రంగు లేకపోవడం కాదు, మెరుపు పోవడం. ముందు ఒక కండిషనర్ పట్టించి చూడండి. నిజంగానే రంగు తేలిపోయి ఉంటే, మూడు నాలుగు నెలలకి ఒకసారి, అమోనియా లేని, తక్కువ డెవలపర్‌తో వచ్చే రంగు విడిగా వేద్దాం. దానికి నా దగ్గరికి రండి, లేదా ఫోన్ చేసి ఏం తేవాలో అడగండి."

ఇక్కడ కొంతమంది పాత పద్ధతి చెప్తారు: చివరి ఐదు నిమిషాల్లో కొంచెం నీళ్ళు చల్లి, రంగుని నురగలా చేసి చివర్లదాకా లాగాలి అని. అది తప్పు కాదు. చివర్లు నిజంగా తేలిపోయినప్పుడు ఏడాదిలో ఎప్పుడో ఒకసారి పనికొస్తుంది. దాన్ని ప్రతి నెలా చేస్తే మాత్రం ఐదు నిమిషాలే అయినా, 12 నెలలకి గంట రంగు పూసినట్టు. తల కడిగేటప్పుడు రంగు నీళ్ళు కిందికి కారతాయి కదా, దానికి భయపడకండి. అది నిమిషం రెండు నిమిషాల పని, పట్టీలు పడవు.

ఇప్పటికే పడ్డ పట్టీల సంగతి. అక్క కోరింది, "మొత్తం ఒకటే బ్రౌన్ చెయ్యి." నా ముందు రెండు దారులున్నాయి. మొదటిది తేలిక. మధ్యలో లేత బ్రౌన్ ఉన్న చోట ముదురు వేసి అంతా ఒకటే చేయడం. గంటలో అయిపోతుంది, కానీ ఆవిడ మళ్ళీ నలుపుకి వెళ్ళిపోతారు. రెండోది, ఆ ముదురు పట్టీలని మాత్రమే తేల్చడం. తల మొత్తానికి బ్లీచ్ వేస్తే లేత చోట్లు ఇంకా లేతవుతాయి, పట్టీలు పట్టీలుగానే ఉంటాయి. అందుకే పట్టీ ఉన్న రెండున్నర సెంటీమీటర్ల మీదే, పాయ పాయకీ ఫాయిల్ పెట్టి, ఐదు నిమిషాలకోసారి విప్పి చూస్తూ తేల్చాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు, ఈ మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. యూట్యూబ్‌లో చూసి మీరు అమ్మ మీద ట్రై చేయకండి.

అంతకుముందు ఒక పరీక్ష చేశాను. నల్ల పౌడర్ వాడారని చెప్పారు కదా. కొన్ని పౌడర్లలో, 'నల్ల హెన్నా' అని అమ్మే కొన్నింటిలో లోహపు లవణాలు ఉంటాయి. వాటి మీద పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కుతుంది, పొగ కూడా రావచ్చు, తెగిపోతుంది. అందుకని మెడ దగ్గర లోపలి నుంచి సన్నని పాయ ఒకటి కత్తిరించి, గాజు గిన్నెలో పెరాక్సైడ్, కొన్ని చుక్కల అమోనియాలో అరగంట ఉంచాను. నురగ రాలేదు, వేడెక్కలేదు. తరువాత తడి వెంట్రుకని రెండు వేళ్ళతో లాగి చూశాను. ఆరోగ్యంగా ఉన్నది కాస్త సాగి వెనక్కి వస్తుంది. నెత్తి దగ్గరి జుట్టు అలాగే వచ్చింది. చివర్లది చూయింగ్ గమ్‌లా సాగి తెగింది. అంటే చివర్ల మీద ఇక ఏ మందూ వేయకూడదు. రెండు అంగుళాలు కత్తిరిద్దాం అన్నాను. అక్క ముందు ఒప్పుకోలేదు. తెగిన వెంట్రుక అరచేతిలో పెట్టాక, "సరే, కానియ్యి" అన్నారు.

పట్టీలు తేల్చాక కింద నారింజ రంగు బయటపడింది. నల్లజుట్టుని, నల్లరంగుని ఎప్పుడు తేల్చినా వచ్చేది అదే, భయపడాల్సింది కాదు. దాని మీద అమోనియా లేని బ్రౌన్ టోనర్ వేసి, నిమిషాలు చూసుకుంటూ కడిగాను. పూర్తిగా కలిసిపోయిందా అంటే, లేదు. లోపల గదిలో చూస్తే తెలియదు. ఎండలో పాయ తీసి చూస్తే దసరా పట్టీ నీడలాగా ఇంకా ఉంది. చెవి కింది నలుపుని కూడా ముట్టుకోలేదు. అది కత్తెరతోనే పోవాలి, సంవత్సరం పైన పడుతుంది. ఆ మాట ఆవిడకి ముందే చెప్పాను. పట్టీలు పోగొడతామని ఒక్క సిట్టింగ్‌కే గ్యారంటీ ఇచ్చేవాళ్ళు ఉంటారు, నేను ఇవ్వలేను.

ఇంకో చిన్న విషయం. మీ ఇంట్లో బోరు నీళ్ళకి బకెట్ లోపల తెల్లటి పొర పడుతుంటే, ఆ ఉప్పు జుట్టు మీద కూడా పేరుకుంటుంది, రంగు ఒక చోట పట్టి ఒక చోట పట్టకుండా చేస్తుంది. కానీ అది మచ్చలు మచ్చలుగా ఉంటుంది. సరళరేఖలా, తల చుట్టూ అడ్డంగా పట్టీ వచ్చిందంటే నీళ్ళ తప్పు కాదు, బ్రష్ తప్పే. మీ అమ్మ జుట్టులో ఏది ఉందో ఇలా గుర్తుపట్టొచ్చు.

ప్యాచ్ టెస్ట్ కూడా చెప్పాలి, ఎందుకంటే అక్క ఎప్పుడూ చేయలేదట. ముదురు రంగుల్లో ఎక్కువగా పీపీడీ అనే పదార్థం ఉంటుంది. పదేళ్ళుగా పడినవాళ్ళకి కూడా ఒక రోజు హఠాత్తుగా పడకపోవచ్చు. రంగు వేసే 48 గంటల ముందు, చెవి వెనుకో, మోచేతి మడతలోనో, ప్యాకెట్ మీద చెప్పినట్టు చుక్క పెట్టి చూడండి. దురద, మంట, వాపు ఏది వచ్చినా ఆ రంగు వేయొద్దు. మొహం వాచినా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మొన్న జూన్‌లో అక్క మళ్ళీ వచ్చారు. మళ్ళీ గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి చూశాను. మూడు నెలల జుట్టు, మూడు సెంటీమీటర్లు, ఒకటే బ్రౌన్, ఎక్కడా గీత లేదు. అమ్మాయే వేస్తోందట, రెండు సిరంజిలు డబ్బాలో దాచిపెట్టుకుందట. మధ్యలో ఒక ఎంగేజ్‌మెంట్ వచ్చింది, పన్నెండు రోజులకే వేసుకోవాల్సి వచ్చింది. సగం ప్యాకెట్టే కలిపారు. అయినా గిన్నెలో రెండు చెంచాలు మిగిలిందట. "ఏం చేసిండ్రు అక్కా?" అన్నాను. "పారబోసిన. మనసు గుంజింది గానీ పారబోసిన," అన్నారు.